జమకాని డివిడెండ్: రిజిస్ట్రార్‌కు రాసే ఉత్తరం

కంపెనీ డివిడెండ్ ప్రకటించింది, చెల్లింపు తేదీ దాటిపోయింది, బ్యాంకు ఖాతాలో మాత్రం డబ్బు పడలేదు. అప్పుడు వాటాదారు ఉత్తరం రాయాల్సింది కంపెనీ ఛైర్మన్‌కూ కాదు, షేర్లు కొనిపెట్టిన బ్రోకర్‌కూ కాదు. కంపెనీ తరఫున వాటాదారుల లెక్కలన్నీ చూసే రిజిస్ట్రార్‌కు రాయాలి. రిజిస్ట్రార్ అండ్ షేర్ ట్రాన్స్‌ఫర్ ఏజెంట్ అనేది పూర్తి పేరు, వాడుకలో ఆర్‌టీఏ. ఇవి సెబీ దగ్గర నమోదైన సంస్థలు. హైదరాబాద్‌లోని కేఫిన్ టెక్నాలజీస్, ముంబయిలోని ఎంయూఎఫ్‌జీ ఇన్‌టైమ్, చెన్నైలోని కేమియో ఇలాంటివే. ఒక్కో ఆర్‌టీఏ అనేక కంపెనీల పని చూస్తుంది కాబట్టి, అక్కడ ఉత్తరం తెరిచిన ఉద్యోగికి ముందుగా తెలియాల్సింది అది ఏ కంపెనీకి సంబంధించినదన్న సంగతి. ఆశ్చర్యం ఏమిటంటే, చాలా ఉత్తరాల్లో ఆ కంపెనీ పేరే ఎక్కడో మూడో పేరాలో ఉంటుంది.

ఏ కంపెనీకి ఏ ఆర్‌టీఏ ఉందో వార్షిక నివేదిక మొదటి పేజీల్లో, కంపెనీ వెబ్‌సైట్‌లోని ఇన్వెస్టర్ల విభాగంలో ఉంటుంది. ఆర్‌టీఏలు మారుతుంటాయి, వాటి పేర్లూ మారుతుంటాయి. ఎంయూఎఫ్‌జీ ఇన్‌టైమ్ పేరు 2024 చివరి దాకా లింక్ ఇన్‌టైమ్. అందుకని పాత షేర్ సర్టిఫికెట్ మీద ఉన్న చిరునామాను నమ్ముకోకుండా తాజా నివేదిక చూసి రాయడం మేలు.

డబ్బు ఏ దారిన వస్తుంది

ఉత్తరంలో ఏం రాయాలో తెలియాలంటే డివిడెండ్ డబ్బు వాటాదారు దాకా ఎలా వస్తుందో తెలియాలి. కంపెనీ ఒక రికార్డ్ తేదీని నిర్ణయిస్తుంది. ఆ రోజు ముగిసేసరికి కంపెనీ షేర్లు ఎవరెవరి డీమ్యాట్ ఖాతాల్లో ఎన్నెన్ని ఉన్నాయో ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ అనే రెండు డిపాజిటరీలు ఆర్‌టీఏకు జాబితా పంపుతాయి. పేరు, పాన్, చిరునామాతో పాటు ఆ డీమ్యాట్ ఖాతాకు జోడించిన బ్యాంకు ఖాతా నంబరు, దాని ఐఎఫ్‌ఎస్‌సీ, ఎంఐసీఆర్ కోడ్‌లు కూడా ఆ జాబితాలోనే వస్తాయి. ఆర్‌టీఏ షేర్ల సంఖ్యను షేరుకు ప్రకటించిన మొత్తంతో గుణించి, టీడీఎస్ పట్టుకోవాల్సి ఉంటే పట్టుకుని, ఎవరికి ఎంత పంపాలో ఒక ఫైలు తయారు చేసి డివిడెండ్ చెల్లించే బ్యాంకుకు ఇస్తుంది. ఆ బ్యాంకు సాధారణంగా ఎన్‌ఏసీహెచ్ వ్యవస్థ ద్వారా వేలాది ఖాతాలకు ఒక్కసారిగా జమ పంపుతుంది.

జమ కాని మొత్తాలు వెనక్కి వస్తాయి. ఎందుకు జమ కాలేదో చెప్పే కారణం కూడా వాటితో పాటే వస్తుంది: ఖాతా మూసేశారు, అలాంటి ఖాతా లేదు, ఖాతా స్తంభించింది, పేరు సరిపోలేదు. ఆర్‌టీఏ తన పుస్తకంలో ఆ పేరు ఎదుట కారణాన్ని నమోదు చేసుకుంటుంది. డబ్బు కంపెనీ డివిడెండ్ ఖాతాలోనే ఉండిపోతుంది. అంటే జమకాని డివిడెండ్ దాదాపు ఎప్పుడూ మాయమైపోయిన డబ్బు కాదు. తప్పు చిరునామాకు వెళ్లి తిరిగొచ్చి, ఒక పద్దులో కారణంతో సహా కూర్చున్న డబ్బు. ఉత్తరం పని ఆ పద్దును వెతికి తీయించడం.

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. షేర్లు డీమ్యాట్‌లో ఉన్నప్పుడు వాటాదారు బ్యాంకు వివరాలను ఆర్‌టీఏ సొంతంగా మార్చలేదు. అవి డిపాజిటరీ నుంచి వస్తాయి, వాటిని మార్చే అధికారం డీమ్యాట్ ఖాతా ఉన్న డిపాజిటరీ పార్టిసిపెంట్‌ది, అంటే డీపీది. ఆ డీపీ ఒక బ్యాంకు కావచ్చు, బ్రోకరేజీ సంస్థ కావచ్చు. కొత్త ఖాతా నంబరు రాసి, చెక్కు జతచేసి ఆర్‌టీఏకు ఎన్ని ఉత్తరాలు పంపినా, డీపీ దగ్గర పాత ఖాతా అలాగే ఉంటే వచ్చే ఏడాది డివిడెండ్ మళ్లీ ఆ పాత ఖాతాకే వెళ్తుంది. అందుకే ఈ ఉత్తరం రాసే ముందు సగం పని డీపీ దగ్గరే ముగియాలి.

రాయడానికి ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, గడువు నిజంగా దాటిందా అన్నది. తుది డివిడెండ్‌ను కంపెనీ డైరెక్టర్ల బోర్డు సిఫారసు మాత్రమే చేస్తుంది, దానిని ప్రకటించేది వార్షిక సర్వసభ్య సమావేశం. బోర్డు సిఫారసు పత్రికల్లో వచ్చేది సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో. సమావేశం జరిగేది జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో. కంపెనీల చట్టం, 2013 లోని 127వ సెక్షన్ ఇచ్చిన 30 రోజుల గడువు సమావేశంలో ప్రకటించిన రోజు నుంచి లెక్క. మే నెలలో వార్త చదివి జూన్‌లో ఫిర్యాదు రాస్తే దానికి ఆధారం ఉండదు. మధ్యంతర డివిడెండ్ సంగతి వేరు. దానిని బోర్డే ప్రకటిస్తుంది, కాబట్టి గడువు కూడా బోర్డు సమావేశం నుంచే మొదలవుతుంది.

రెండోది, రికార్డ్ తేదీన షేర్లు వాటాదారు పేరిట ఉన్నాయా అన్నది. మన మార్కెట్‌లో కొన్న షేరు మర్నాటి పనిదినాన డీమ్యాట్‌లోకి వస్తుంది. రికార్డ్ తేదీ శుక్రవారం అయితే గురువారం కొన్నవారికి డివిడెండ్ వస్తుంది, శుక్రవారం కొన్నవారికి రాదు. ఈ ఒక్కరోజు తేడాతో రాని డివిడెండ్ మీద ఎంత పట్టుదలగా ఉత్తరాలు రాసినా ఫలితం ఉండదు.

మూడోది, డబ్బు వేరే ఖాతాలో పడిందేమో అన్నది. జమ అయ్యేది రోజూ వాడే ఖాతాలో కాదు, డీమ్యాట్‌కు జోడించిన ఖాతాలో. కొందరు బ్రోకర్ యాప్‌లో రెండో బ్యాంకు ఖాతా చేర్చుకుంటారు, డబ్బు పంపుకోవడానికీ తీసుకోవడానికీ దాన్నే వాడతారు. డివిడెండ్ మాత్రం ప్రధాన ఖాతాగా నమోదైన పాతదానికే వెళ్తుంది. పాస్‌బుక్‌లో ఈ జమ కంపెనీ పూర్తి పేరుతో కనిపించదు. చాలా బ్యాంకుల్లో ACH లేదా NACH అనే అక్షరాలు, వాటి పక్కన కుదించిన కంపెనీ పేరు ఉంటాయి. కంపెనీ పేరు కోసం మాత్రమే కళ్లు వెతికితే ఆ వరస తప్పిపోతుంది.

వీటికి తోడు ఆదాయపు పన్ను పోర్టల్‌లో రెండు పత్రాలు చూడాలి. ఒకటి ఫారం 26ఏఎస్, రెండోది వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్. డివిడెండ్ మీద టీడీఎస్ పట్టుకుని ఉంటే కంపెనీ పేరుతో, మొత్తంతో, తేదీతో అది 26ఏఎస్‌లో కనిపిస్తుంది. టీడీఎస్ అనేది చెల్లింపు ఫైలు వెళ్లక ముందే పట్టుకునేది కాబట్టి, జమ వెనక్కి వచ్చినా ఆ వరస అక్కడ ఉంటుంది. డబ్బు చేతికి రాకపోయినా హక్కు ఉందనడానికి, ఎంత రావాలనడానికి వాటాదారు దగ్గర ఉండగల గట్టి ఆధారం ఇదే. సెప్టెంబరుతో ముగిసే త్రైమాసికపు టీడీఎస్ వివరాలు దాఖలు చేయడానికి కంపెనీకి అక్టోబరు 31 దాకా గడువు ఉంటుంది. ఆగస్టు డివిడెండ్ నవంబరులో గానీ 26ఏఎస్‌లో కనిపించకపోవడం మామూలే.

ఒక ఉదాహరణ

మచిలీపట్నంలో అధ్యాపకుడిగా రిటైరై, 2020లో హైదరాబాద్‌లోని కూతురి ఇంటికి మారిన ఒక వాటాదారును ఉదాహరణగా తీసుకుందాం. ఆయన డీమ్యాట్‌కు జోడించినది ఆంధ్రా బ్యాంకు పొదుపు ఖాతా. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ANDB అక్షరాలతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు ఏడాది పాటు చెల్లాయి. 2021 ఏప్రిల్ నుంచి UBIN తో మొదలయ్యే కొత్త కోడ్‌లే చెల్లుబాటు. పింఛను, గ్యాస్ సబ్సిడీ లాంటివి బ్యాంకు, ప్రభుత్వం చూసుకున్నాయి కాబట్టి ఆయనకు ఏ ఇబ్బందీ తెలియలేదు. డీమ్యాట్‌లోని కోడ్ మాత్రం ఎవరూ మార్చలేదు. తెలుగు నేల మీద ఇలాంటి ఖాతాలు ఇంకా ఉన్నాయనడంలో సందేహం అక్కర్లేదు. 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంకులో కలిసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఖాతాలదీ ఇదే దారి.

ఆయన దగ్గర ఒక కంపెనీ షేర్లు 650 ఉన్నాయి. 2024-25 ఆర్థిక సంవత్సరానికి కంపెనీ షేరుకు 20 రూపాయల తుది డివిడెండ్ సిఫారసు చేసింది. రికార్డ్ తేదీ 2025 ఆగస్టు 1. సర్వసభ్య సమావేశం ఆగస్టు 22న దానిని ఆమోదించింది. 650 షేర్లకు 13,000 రూపాయలు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఒక కంపెనీ నుంచి వచ్చే డివిడెండ్ 10,000 రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ పట్టుకోవాలి. కాబట్టి 1,300 పోను ఆయనకు జమ కావాల్సింది 11,700 రూపాయలు. 30 రోజుల గడువు సెప్టెంబరు 21తో ముగిసింది. నవంబరులో రిటర్ను పని మీద 26ఏఎస్ తెరిచినప్పుడు 13,000, 1,300 అంకెలు కనిపించాయి. పాస్‌బుక్‌లో ఆ జమ లేదు.

ఆయన మొదట డీపీ దగ్గరకు వెళ్లి క్లయింట్ మాస్టర్ లిస్ట్ అడిగారు. డీమ్యాట్ ఖాతాలో నమోదైన వివరాలన్నీ ఉండే ఒకటి రెండు పేజీల పత్రం అది. అందులో పాత కోడ్, దాని కింద మచిలీపట్నం చిరునామా కనిపించాయి. అంటే జమ ఎందుకు కాలేదో, దాని గురించి కంపెనీ ఏదైనా కాగితం పంపినా అది ఎందుకు అందలేదో ఆ ఒక్క పేజీలోనే తేలిపోయింది. రెండూ మార్పించి, కొత్త వివరాలతో ముద్రించిన మాస్టర్ లిస్ట్ మళ్లీ తీసుకున్నారు. ఆ తరవాతే ఉత్తరం రాశారు. ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వెళ్తాయి. దాని సారాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

> తేదీ: 2025 నవంబరు 17
>
> రిజిస్ట్రార్ అండ్ షేర్ ట్రాన్స్‌ఫర్ ఏజెంట్ గారికి
> (కంపెనీ: ... లిమిటెడ్)
> నకలు: కంపెనీ సెక్రటరీ గారికి
>
> విషయం: 2024-25 తుది డివిడెండ్ జమ కాకపోవడం – డీపీ ఐడీ ..., క్లయింట్ ఐడీ ... – 650 షేర్లు
>
> అయ్యా,
>
> పై డీమ్యాట్ ఖాతాలో 2025 ఆగస్టు 1 రికార్డ్ తేదీ నాటికి నా పేరిట పై కంపెనీ షేర్లు 650 ఉన్నాయి. ఆగస్టు 22న జరిగిన సర్వసభ్య సమావేశం షేరుకు 20 రూపాయల డివిడెండ్ ప్రకటించింది. మొత్తం 13,000 రూపాయలు. ఇందులో 1,300 రూపాయల టీడీఎస్ పట్టుకున్నట్టు నా ఫారం 26ఏఎస్‌లో ఉంది. మిగిలిన 11,700 రూపాయలు నేటి వరకు నా ఖాతాలో జమ కాలేదు. ఆగస్టు 1 నుంచి నేటి దాకా ఆ ఖాతా స్టేట్‌మెంట్ జతచేశాను.
>
> నా డీమ్యాట్‌లో విలీనానికి ముందు నాటి ఐఎఫ్‌ఎస్‌సీ ఉన్నట్టు తెలిసింది. దానిని డీపీ ద్వారా మార్పించాను. మార్పు కనిపించే క్లయింట్ మాస్టర్ లిస్ట్ జతచేశాను.
>
> దయచేసి ఈ మూడు విషయాలు తెలియజేయగలరు: పై డివిడెండ్ ఏ తేదీన, ఏ ఖాతాకు పంపారు, తిరిగి వచ్చి ఉంటే కారణం ఏమిటి, ఇదే ఖాతాపై గత సంవత్సరాల డివిడెండ్లు ఏవైనా చెల్లించకుండా ఉన్నాయా. చెల్లించని మొత్తాలన్నిటినీ కొత్త వివరాల ప్రకారం జమ చేయగలరు.
>
> జతపరిచినవి: క్లయింట్ మాస్టర్ లిస్ట్, పేరు ముద్రించిన రద్దు చేసిన చెక్కు, సొంత సంతకంతో పాన్ కార్డు నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్, 26ఏఎస్‌లోని సంబంధిత పేజీ.
>
> ఇట్లు
> (డీమ్యాట్‌లో ఉన్నట్టే పేరు, సంతకం, చిరునామా, ఫోన్, ఈమెయిల్)

ఉత్తరంలోని ప్రతి వాక్యం ఆర్‌టీఏ పద్దులోని ఒక గడికి సరిపోతుంది. డీపీ ఐడీ, క్లయింట్ ఐడీలతో వాటాదారు దొరుకుతాడు. ఎన్‌ఎస్‌డీఎల్ ఖాతా అయితే IN అక్షరాలతో మొదలయ్యే డీపీ ఐడీ, ఎనిమిది అంకెల క్లయింట్ ఐడీ ఉంటాయి. సీడీఎస్‌ఎల్ అయితే మొత్తం 16 అంకెలు. ట్రేడింగ్ యాప్‌లో కనిపించే యూజర్ ఐడీ వీటిలో ఏదీ కాదు, అది రాస్తే ఆర్‌టీఏకు ఎవరూ దొరకరు. ఏ సంవత్సరపు డివిడెండ్, మధ్యంతరమా తుదియా అన్నది రాస్తే ఆ చెల్లింపు ఫైలు దొరుకుతుంది. ఒకే ఏడాదిలో మూడు నాలుగు మధ్యంతర డివిడెండ్లు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి కాబట్టి "ఈ ఏడాది డివిడెండ్" అన్న మాట చాలదు.

13,000 రాలేదని కాకుండా 11,700 రాలేదని రాయడంలోనూ అర్థం ఉంది. వెనక్కి వచ్చిన పద్దులో ఉండేది 11,700. టీడీఎస్ పోయిన సొమ్మును కూడా బాకీ కింద అడిగితే, జవాబులో సగం టీడీఎస్ వివరణే ఉంటుంది, అసలు ప్రశ్న పక్కకు పోతుంది. అన్నిటికన్నా విలువైనది చివరి ప్రశ్న. ఒక ఏడాది జమ తిరిగి వచ్చిందంటే అదే తప్పు ముందు సంవత్సరాల్లోనూ ఉండి ఉంటుంది. ఆర్‌టీఏ సాధారణంగా అడిగినదానికే జవాబు ఇస్తుంది. ఒక్క డివిడెండ్ గురించి అడిగినవారికి ఆ ఒక్కదాని సంగతే తెలుస్తుంది.

ఉత్తరాన్ని వార్షిక నివేదికలో ఉన్న ఇన్వెస్టర్ల ఈమెయిల్‌కు పంపడం, కాగితం ప్రతిని స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోవడం రెండూ చేయాలి. కంపెనీ సెక్రటరీకి నకలు పంపడం మర్యాద కోసం కాదు. ఆర్‌టీఏ ఏజెంటు మాత్రమే, డివిడెండ్ బాకీ పడ్డది కంపెనీ. డీమ్యాట్ పాస్‌వర్డ్, ఓటీపీ, ఖాళీ కాగితం మీద సంతకం ఈ పనిలో ఎక్కడా అవసరం పడవు. క్లెయిమ్ కాని డివిడెండ్ ఇప్పిస్తామంటూ ఫోన్‌లో అవి అడిగేవారు ఆర్‌టీఏ మనుషులు కారు.

జవాబు వచ్చాక

జవాబు మూడు రకాలుగా ఉండవచ్చు. జమ తిరిగి వచ్చింది, కొత్త వివరాలతో మళ్లీ పంపుతున్నాం అంటే పని అయినట్టే. రికార్డ్ తేదీన షేర్లు లేవు అంటే ఆ తేదీ నాటి డీమ్యాట్ స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవాలి. చిక్కు అంతా "ఫలానా తేదీన చెల్లించాం" అనే జవాబుతోనే. అప్పుడు ఆ లావాదేవీ రిఫరెన్స్ నంబరు, బ్యాంకు పేరు, ఖాతా చివరి నాలుగు అంకెలు అడిగి తీసుకోవాలి. వాటితో బ్యాంకుకు వెళితే ఆ జమ ఏ ఖాతాలో కూర్చుందో వాళ్లు చెప్పగలరు. రిఫరెన్స్ నంబరు లేకుండా బ్యాంకుకు వెళితే వెతకడం వాళ్లకూ కష్టమే.

మచిలీపట్నం వాటాదారుకు వచ్చే జవాబును ఊహించడం కష్టం కాదు. పాత కోడ్ చెల్లకపోవడం వల్ల 2025 జమ తిరిగి వచ్చింది. 2021 నుంచి 2024 దాకా నాలుగు డివిడెండ్లు కూడా అలాగే ఉండిపోయాయి. అవి ఎక్కడ ఉన్నాయో చట్టం చెబుతుంది. ప్రకటించిన 30 రోజుల్లో చెల్లింపు కాని మొత్తాన్ని, ఆ గడువు ముగిసిన 7 రోజుల్లోగా కంపెనీ షెడ్యూల్డ్ బ్యాంకులో ప్రత్యేకంగా తెరిచిన చెల్లించని డివిడెండ్ ఖాతాకు మార్చాలి. తరవాత 90 రోజుల్లో ఎవరికి ఎంత బాకీ ఉందో పేర్లతో సహా జాబితా తయారు చేసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఈ జాబితా ఎవరైనా చూడవచ్చు. ఉత్తరం రాయకముందే అందులో తన పేరు వెతికి, పేజీని ముద్రించి జతచేసేవారికి జవాబు త్వరగా వస్తుంది. ఆర్‌టీఏ వెతకాల్సిన పనిని వాటాదారే చేసి పెట్టినట్టు అవుతుంది కదా.

వడ్డీ సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మొదటి ఉత్తరంలోనే 18 శాతం వడ్డీ డిమాండ్ చేసేవారు చాలామంది. 127వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో చెల్లించకపోతే కంపెనీ ఏటా 18 శాతం సాధారణ వడ్డీ ఇవ్వాల్సిన మాట నిజమే. 11,700 రూపాయల మీద అది రోజుకు సుమారు 5 రూపాయల 77 పైసలు. తెలిసి బాధ్యులైన డైరెక్టర్లకు జైలు, జరిమానా కూడా ఆ సెక్షన్‌లో ఉన్నాయి. అయితే చెల్లించలేకపోవడానికి కంపెనీ తప్పు కారణం కానప్పుడు అది వర్తించదని అదే సెక్షన్ చెబుతుంది. వాటాదారు డీమ్యాట్‌లో చెల్లని కోడ్ ఉండగా కంపెనీ గడువులోగా డబ్బు పంపి ఉంటే, ఆ డబ్బు తిరిగి వచ్చినందుకు వడ్డీ రాదు. వడ్డీ అడగదగిన సందర్భం వేరు: వివరాలన్నీ సరిగా ఉండి, అసలు పంపనే లేదని తేలినప్పుడు, లేదా కొత్త వివరాలు అందాక కూడా కారణం చెప్పకుండా నెలల తరబడి ఆపినప్పుడు. అందుకే మొదటి ఉత్తరంలో కారణం అడగాలి, ఆ జవాబును బట్టి రెండో ఉత్తరంలో వడ్డీ సంగతి ఎత్తాలి.

పన్ను సంగతిలో ఒక అన్యాయం లాంటిది కనిపిస్తుంది గానీ అది నియమమే. తుది డివిడెండ్ ఏ ఆర్థిక సంవత్సరంలో ప్రకటిస్తే ఆ ఏడాది ఆదాయమే, చేతికి వచ్చినా రాకపోయినా. ఈ ఉదాహరణలో 13,000 రూపాయలను 2025-26 ఆదాయంలో చూపించి 1,300 టీడీఎస్‌ను పన్నులో సర్దుబాటు చేసుకోవాలి. డబ్బు జమకాలేదని వదిలేస్తే, ఏఐఎస్‌లో అది ఉంటుంది కాబట్టి నోటీసు రావచ్చు.

కాగితం షేర్లు, వారసులు

షేర్లు ఇంకా కాగితం సర్టిఫికెట్లుగానే ఉంటే పద్ధతి మారుతుంది. ఇక్కడ డీపీ ఉండదు, బ్యాంకు వివరాలు ఆర్‌టీఏ దగ్గరే ఉంటాయి. పాన్, ఫోన్, చిరునామా, బ్యాంకు ఖాతా, సంతకం నమూనా లేని ఫోలియోలకు 2024 ఏప్రిల్ 1 నుంచి, ఆ వివరాలు ఇచ్చాక ఎలక్ట్రానిక్ పద్ధతిలో మాత్రమే డివిడెండ్ చెల్లించాలని సెబీ నిర్ణయించింది. అంతకుముందు తపాలాలో వారంట్ అందుకుంటూ వచ్చిన పల్లెటూరి వాటాదారులకు ఒక్కసారిగా ఆగిపోయింది అందుకే. ఈ సందర్భంలో ఉత్తరంతో పాటు ఐఎస్ఆర్-1 ఫారం నింపి పంపాలి. సంతకం పాతదానితో సరిపోకపోతే బ్యాంకు మేనేజరు ధ్రువీకరించే ఐఎస్ఆర్-2 కూడా కావాలి. ముప్పై ఏళ్ల కిందట పెట్టిన సంతకం వణుకుతున్న చేతితో ఇప్పుడు రాకపోవడం సహజం. ముందుగానే ఐఎస్ఆర్-2 జతచేస్తే తిరకాసు ఉండదు.

వాటాదారు మరణించి ఉంటే, రాని డివిడెండ్ కోసం కొడుకో భార్యో రాసే ఉత్తరం ఎంత సవివరంగా ఉన్నా ఆర్‌టీఏ వాళ్ల ఖాతాకు డబ్బు పంపదు. ముందు షేర్లు వారసుల పేరిట మారాలి. డీమ్యాట్ అయితే డీపీ దగ్గర, కాగితం షేర్లు అయితే ఆర్‌టీఏ దగ్గర ఆ బదలాయింపు జరగాలి. ఆ ఉత్తరం డివిడెండ్ ఉత్తరం కాదు, దానికి మరణ ధ్రువపత్రం, నామినీ వివరాలు, లేదంటే వారసత్వ పత్రాలు కావాలి.

జవాబు రాకపోతే

ఆర్‌టీఏ, కంపెనీ రెండూ స్పందించకపోయినా, జవాబు సంతృప్తికరంగా లేకపోయినా సెబీ నడిపే స్కోర్స్ పోర్టల్ ఉంది. చిరునామా scores.sebi.gov.in. ముందుగా కంపెనీకి రాసి ఉండడం అక్కడ అడిగే మొదటి షరతు. నవంబరు 17 నాటి ఉత్తరం, స్పీడ్ పోస్ట్ రసీదు, ఈమెయిల్‌కు వచ్చిన సర్వీస్ నంబరు ఉపయోగపడేది ఇక్కడే. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం ఫిర్యాదు అందిన 21 రోజుల్లోగా కంపెనీ చర్య నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోగా మొదటి సమీక్ష, దాని తరవాత సెబీ చేసే రెండో సమీక్ష కోరవచ్చు. సమస్య మొదలైన ఏడాదిలోగా స్కోర్స్‌కు వెళ్లాలి కాబట్టి ఆర్‌టీఏకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ కాలం గడపకూడదు. వివాదం అక్కడా తేలకపోతే మధ్యవర్తిత్వానికి స్మార్ట్ ఓడీఆర్ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది.

అసలు గడువు మాత్రం ఏడేళ్లు. చెల్లించని డివిడెండ్ ఖాతాకు మారిన రోజు నుంచి ఏడేళ్లు ఎవరూ అడగకపోతే ఆ మొత్తం కేంద్రప్రభుత్వపు మదుపరుల విద్య, రక్షణ నిధికి, అంటే ఐఈపీఎఫ్‌కు వెళ్తుంది. వరుసగా ఏడేళ్ల డివిడెండ్లు అందని షేర్లు కూడా దానితో పాటే ఆ నిధి పేరిట మారిపోతాయి. మధ్యలో ఒక్క ఏడాది డివిడెండ్ చెల్లింపు అయినా, లేదా క్లెయిమ్ చేసినా షేర్లకు ఆ ప్రమాదం లేదు. మచిలీపట్నం వాటాదారు విషయంలో 2021 డివిడెండ్ గడువు 2028లో ముగుస్తుంది, 2025 డివిడెండ్‌ది 2032 సెప్టెంబరులో. ఆయన ఉత్తరం సమయానికే వెళ్లింది.

ఐఈపీఎఫ్‌కు వెళ్లిన డబ్బు, షేర్లు తిరిగి రావు అన్న మాట తప్పు. ఐఈపీఎఫ్-5 ఫారం ద్వారా వాటిని అడిగే హక్కు ఉంది. ఆన్‌లైన్‌లో ఫారం దాఖలు చేసి, పత్రాలను కంపెనీలోని నోడల్ అధికారికి పంపాలి. కంపెనీ పరిశీలించి నివేదిక ఇచ్చాకే నిధి నుంచి చెల్లింపు జరుగుతుంది. ఆ ఫారం నింపే ముందు, ఫలానా వారికి ఇన్ని షేర్లు, ఇంత డివిడెండ్ రావాలి అని ధ్రువీకరించే హక్కు పత్రం కావాలి. అది ఇచ్చేది కంపెనీ, దాని ఆర్‌టీఏ. కాబట్టి ఏడేళ్లు దాటాక కూడా మొదటి ఉత్తరం రిజిస్ట్రార్‌కే రాయాలి, డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ లేదా ఫోలియో నంబరు, డివిడెండ్ సంవత్సరాలు, మొత్తాలు అవే క్రమంలో రాయాలి.